పాపకు డెంగ్యూ, వారం సెలవు: "అర్జెంటు పనులు చూస్తాను" అని లెటర్‌లో రాయాలా వద్దా?

రాయగడ_లెక్కలు: రాయగడలో ఐరన్, సిమెంటు హోల్‌సేల్ షాపులో అకౌంటెంట్‌ని. మా నాలుగేళ్ల పాపకు ఆదివారం 12న జ్వరం మొదలైంది, ఈరోజు డెంగ్యూ అని తేలింది. రేపు 14 నుంచి 20 దాకా సెలవు అడుగుతున్నాను. కానీ 20న జీఎస్టీ నెలవారీ రిటర్ను త్రీబీ వేయాలి. "అర్జెంటు పనులు ఫోన్‌లో, లాప్‌టాప్‌లో చూస్తాను" అని రాస్తే మంచిదా, చెడ్డదా?

జయపురం_లక్ష్మి: రాయొద్దు. నేనూ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ఆ ఒక్క వాక్యం రాశారంటే వారమంతా మీ ఫోన్ వాళ్లదే. మా బాబు న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ మంచితనానికి పోయి రాశాను. పక్క మంచం వాళ్లు విసుక్కునేలా ఫోన్లు. ఒక లారీ బిల్లు, ఒక పార్టీ బాకీ, ప్రింటర్ ఎందుకు పనిచేయట్లేదన్న ప్రశ్న కూడా నాకే. నెలాఖరుకి చూస్తే ఆ రోజులన్నీ సెలవు కింద కోసేశారు!

గుణుపురం_షావుకారు: రాయాలి బాబూ. నేను షాపు నడిపేవాణ్ని, అటువైపు నుంచి చెబుతున్నా. ఏమీ రాయకుండా 20వ తేదీ కలిపి సెలవు అడిగితే యజమానికి మొదట కనబడేది పాప కాదు, తేదీ. చేదుగా ఉన్నా నిజం.

రైల్వే_రాజు: చైల్డ్ కేర్ లీవ్ పెట్టేయండి. సర్వీసు మొత్తానికి 730 రోజులు ఉంటుంది, ఒకసారికి కనీసం 5 రోజులు తీసుకోవాలి. మీ వారం సరిపోతుంది.

రాయగడ_లెక్కలు: రాజు గారూ, నాది ప్రైవేటు షాపు. పైగా నేను పాప నాన్నని.

రైల్వే_రాజు: ఓహో, అయితే మా దగ్గర కూడా రాదు. మగవాళ్లలో ఒంటరి తండ్రులకే ఇస్తారు.

బల్లార్షా_బాబాయ్: చట్టం ఉండగా బతిమాలడం ఎందుకు? ఇరవై మంది, ఆపైన పనిచేసే షాపైతే ఏడాదికి 8 రోజులు క్యాజువల్ లీవు హక్కు. 2017 చట్టం. లెటర్ పడేసి వెళ్లిపో.

జయపురం_లక్ష్మి: బాబాయ్ గారూ, అది మీ మహారాష్ట్ర చట్టం, ఆయన ఒడిశాలో ఉన్నాడు. మీ దగ్గర కూడా ఆ 8 రోజులూ మూణ్ణెల్లకోసారి కొంచెం కొంచెంగా జమవుతాయి. అంతకుముందు ఒక్కటీ వాడకపోయినా జూలైకి ఒకేసారి ఏడు ఉండవు.

బల్లార్షా_బాబాయ్: హక్కు హక్కే.

కొరాపుట్_సిస్టర్: పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. మీరందరూ 20వ తేదీ చుట్టూ తిరుగుతున్నారు, నేను 15 నుంచి 18 గురించి చెబుతాను. డెంగ్యూలో జ్వరం సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య దిగుతుంది. దిగింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే, ఆ తర్వాత 24 నుంచి 48 గంటలు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్ల మగతగా పడి ఉండటం, ఆరు గంటలైనా మూత్రం పోయకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. ప్లేట్‌లెట్ల నంబరు ఒక్కటే చూస్తూ కూర్చోకండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్ లాంటివి ఇవ్వకండి. ఆ రోజుల్లో మీ కళ్లు పాప మీద ఉండాలి తమ్ముడూ, స్క్రీన్ మీద కాదు. జ్వరం తగ్గింది కదా అని 17న షాపుకి పోవద్దు, అదే మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నా నేను.

గుణుపురం_షావుకారు: సిస్టర్ గారు చెప్పింది బాగుంది. మరి పాప తల్లి లేదా ఇంట్లో?

జయపురం_లక్ష్మి: వచ్చేసింది ప్రశ్న. దీని కోసమే ఎదురుచూస్తున్నాను.

రాయగడ_లెక్కలు: ఉంది. ఎనిమిదో నెల. డాక్టరు అవసరమైతే విశాఖ తీసుకెళ్లమన్నారు. ఆ పరుగు తను పెట్టలేదు.

గుణుపురం_షావుకారు: తప్పుగా అనుకోకండి, అడిగానంతే. కానీ త్రీబీ ఎవరు వేస్తారు?

జయపురం_లక్ష్మి: సరే, లెక్క వేద్దాం షావుకారు గారూ. మూడు లక్షలు నగదుగా కట్టాలనుకోండి. రెండు రోజులు ఆలస్యమైతే 18 శాతం వడ్డీ 296 రూపాయలు, లేటు ఫీజు రోజుకి 50 చొప్పున వంద. నాలుగు వందలు కూడా లేవు. కొన్నవాళ్ల క్రెడిట్‌కి కావలసిన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్ వన్ 11నే అయిపోయి ఉంటుంది. దీన్ని అర్జెంటు అంటారా? నాలుగు వందల కోసం ఒక తండ్రిని ఐసీయూ బయట లాప్‌టాప్ పట్టుకుని కూర్చోమంటారా?

గుణుపురం_షావుకారు: నాలుగు వందల గురించి నేనెప్పుడన్నానమ్మా! మీకు డబ్బే కనిపిస్తోంది. మా అకౌంటెంట్ రెండేళ్ల కిందట సెలవు మీద వెళ్లి ఫోన్ ఆపేశాడు. పోర్టల్‌లో నమోదైన నంబరు అతనిది. ఓటీపీ అతనికే పోతుంది. నా వ్యాపారం, నా జీఎస్టీ నంబరు, నేను మాత్రం తాళం పోయిన ఇంటి ముందు నిలబడ్డాను. లారీ లోడై ఉంది, ఈ-వే బిల్లు తీయడం షాపులో ఒక్కరికీ రాదు. ఆ రోజు పడ్డ అవమానం నాకు తెలుసు.

జయపురం_లక్ష్మి: అదీ సంగతి. మీ భయం సెలవు గురించి కాదు. షాపు మొత్తం ఒకడి ఫోన్‌లో పెట్టుకున్నారు, వాడు కదిలితే నేరం వాడిదంటున్నారు. రెండో మనిషికి నేర్పించని ఖర్చు పాప మంచం దగ్గర వసూలు చేస్తారా?

గుణుపురం_షావుకారు: రెండో మనిషిని పెట్టుకునే వ్యాపారాలా మావి? జీతాలు మీరిస్తారా?

పర్లాకిమిడి_సత్యం: ఇద్దరూ ఆగండి. ఓటీపీ సంగతి ఈ రాత్రే తేల్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నాన్‌కోర్ సవరణలో సంతకందారు మొబైల్, మెయిల్ మార్చి యజమానివి పెట్టండి, అధికారి అనుమతి అక్కర్లేదు. ఆ సవరణ సమర్పించడానికే పాత నంబరుకి ఓటీపీ వస్తుంది కాబట్టి మీరు ఊళ్లో ఉండగానే చేయాలి. ఈ-వే బిల్లుకి వేరే సబ్‌యూజర్‌ని పెట్టి కౌంటర్ కుర్రాడికి నేర్పించండి, గంట పని. త్రీబీ మాత్రం ముందే వేసేయడం కుదరదు, మన కొనుగోళ్ల క్రెడిట్ లెక్క చూపే టూబీ వచ్చేదే 14న.

రాయగడ_లెక్కలు: ఇదొక్కటే నాకు తట్టలేదు. నంబరు నాదే ఉంది. ఇప్పుడే షాపుకి వెళ్తున్నాను.

జయపురం_లక్ష్మి: వెళ్లండి, కానీ లెటర్‌లో "అందుబాటులో ఉంటాను" అనే మాట వద్దు. దానికి హద్దు ఉండదు. ఏ పని, ఏ రోజు, ఎవరు ఫోన్ చేయాలి, అది రాయండి. పనిచేసిన రోజుని సెలవులో కలపొద్దని కూడా.

గుణుపురం_షావుకారు: రెండు గంటల పనికి రోజు జీతమా?

జయపురం_లక్ష్మి: రెండు గంటలే అయితే మీరే చేసుకోండి.

రాయగడ_లెక్కలు: వెళ్లొచ్చాను. నంబరు మారింది. ఇలా ఇచ్చాను: "మా పాపకు డెంగ్యూ. 14 నుంచి 20 వరకు సెలవు కోరుతున్నాను. 18 వరకు ఆసుపత్రిలో ఉంటాను, ఏ పనీ చూడలేను. లారీల బిల్లులు కౌంటర్‌లో తీస్తారు. పాప పరిస్థితి బాగుంటే 19 సాయంత్రం టూబీ సరిచూసి, 20 ఉదయం త్రీబీ ఇంటి నుంచి సిద్ధం చేస్తాను, ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది. బాగోకపోతే 18 రాత్రి చెబుతాను, బయట కన్సల్టెంట్‌తో వేయించగలరు. 20ని పనిదినంగా లెక్కించగలరు." సార్ చదివి, 20 సంగతి తర్వాత చూద్దాంలే అన్నారు. మిగతాదానికి ఒప్పుకున్నారు.

జయపురం_లక్ష్మి: "తర్వాత చూద్దాం" అంటే కోస్తారు. వాట్సాప్‌లో ఆ మాట తీసుకోండి.

గుణుపురం_షావుకారు: అంత అపనమ్మకమైతే ఎలాగమ్మా. అది సరే, 17న టాక్స్ నోటీసు వస్తే ఎవరు చూస్తారు?

కొరాపుట్_సిస్టర్: నోటీసుకి జవాబివ్వడానికి గడువు ఉంటుంది షావుకారు గారూ. తమ్ముడూ, పాప ఈరోజు ఎన్నిసార్లు మూత్రం పోసింది?