ఫ్రెంచ్ డిగ్రీని ఇంగ్లీషులోకి అనువదించేటప్పుడు మార్కులు, డిగ్రీ పేరు మార్చవచ్చా?

తుని నుంచి తులూజ్
నాది ఫ్రాన్స్‌లో చేసిన లిసాన్స్ డిగ్రీ. అమెరికాలో ఎం.ఎస్.కి అప్లై చేస్తున్నాను. అనువాదంలో దాన్ని బ్యాచిలర్స్ అని రాయించాలా, లిసాన్స్ అనే ఉంచాలా? 20కి 12.6 వచ్చింది. దాన్ని పర్సెంటేజీగానో జీపీఏగానో మార్చి రాయమని అనువాదకుణ్ని అడగవచ్చా? ఇంట్లో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకోటి చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

కొండాపూర్ హెచ్ఆర్
మార్చే రాయించండి. పన్నెండేళ్లుగా రెజ్యూమెలు చూస్తున్నాను. లిసాన్స్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తే మా టీమ్‌లో సగం మంది అదేదో లైసెన్స్ అనుకుంటారు. ఫ్రెంచ్ వాళ్ల లిసాన్స్ మూడేళ్ల మొదటి డిగ్రీ, అంటే బ్యాచిలర్సే కదా. చదివేవాళ్లకు అర్థం కాని అనువాదంతో పనేముంది? మార్కులు కూడా అంతే. 12.6ని ఐదుతో గుణిస్తే 63 శాతం. దాచేదేమీ లేదు, అందరికీ తెలిసిన లెక్కలో చెబుతున్నాం.

పదసేతువు
నేను ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీషుకు సర్టిఫికెట్లు అనువదిస్తాను. హెచ్ఆర్ గారూ, చదివేవాళ్లకు అర్థం కావాలన్న మీ మాట నిజం. ఆ ఐదుతో గుణించడమే అమ్మాయిని దెబ్బతీస్తుంది.

అక్కడ 10 వస్తే పాస్. 12 నుంచి 14 లోపు ‘అసే బియాన్’, 14 నుంచి 16 లోపు ‘బియాన్’, 16, ఆపైన వస్తే ‘త్రే బియాన్’, అంటే చాలా బాగుంది అని. పైన ఇంకా నాలుగు మార్కులున్నా అవి దాదాపు ఎవరికీ పడవు. 20 దేవుడికి, 19 మాస్టారికి అని అక్కడ వాళ్లే అనుకుంటారు. 16 తెచ్చుకున్న పిల్ల క్లాసులో ముందుంటుంది. దాన్ని 80 శాతం అని రాస్తే మన దగ్గర ఇంటర్‌లో అందరికీ వచ్చే మార్కులా కనిపిస్తుంది. 12.6 అంటే పాస్ గీత దాటి ఒక మెట్టు పైన ఉన్న మార్కు. 63 శాతం అనగానే ఆ మెట్టు మాయమైపోతుంది.

అందుకే అనువాదంలో 12.6/20 అని ఉన్నది ఉన్నట్టే రాస్తాం. కామా మాత్రం మారుతుంది. ఫ్రెంచ్ మెమోలో 12,6 అని కామాతో ఉంటుంది, ఇంగ్లీషులో చుక్క పెట్టాలి. ఆ కామాను అలాగే వదిలేసిన అనువాదాలు చూశాను, చదివేవాళ్లు అవి రెండు వేరు వేరు అంకెలు అనుకుంటారు.

తుని అమ్మాయీ, నీ డిప్లొమా మీద, మెమో మీద ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టు. మొత్తం లిసాన్స్ అక్కడే చదివావా?

ఇంజనీర్ సూరి
నాకు జరిగింది చెబుతాను. ఫ్రాన్స్‌లో ఒక ఇంజనీరింగ్ స్కూల్లో దిప్లోమ్ దాంజెన్యూర్ చేశాను. ఒక ఏజెన్సీ దాన్ని బ్యాచిలర్ ఆఫ్ ఇంజనీరింగ్ అని అనువదించింది. ఇంజనీర్ అంటే బీటెక్ అనుకున్నారు. నిజానికి అది ఇంటర్ తర్వాత అయిదేళ్ల చదువు, డిప్లొమా మీదే మాస్టర్ గ్రేడ్ ఇస్తున్నాం అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క వాక్యం అనువాదంలో ఎగిరిపోయింది. పీహెచ్‌డీకి పెట్టుకున్న చోట మాస్టర్స్ లేదని వెనక్కి పంపారు. మళ్లీ అనువాదం చేయించి, డిప్లొమాకు తోడుగా యూనివర్సిటీ ఇచ్చే వివరాల పత్రం సుప్లెమాన్ ఓ దిప్లోమ్ తెప్పించి పంపేసరికి ఆ ఇన్‌టేక్ అయిపోయింది. ఒక ఏడాది పోయింది. అందుకే పేరు మార్చవద్దు అని గట్టిగా చెబుతున్నాను.

యానాం అబ్బాయి
నాదీ ఇదే ప్రాబ్లం అక్కా. ఆంధ్రా యూనివర్సిటీ బీఎస్సీ ఓడీ ఉంది, ఫ్రెంచ్‌లోకి మార్చాలి. ఫస్ట్ క్లాస్ అని ఉంది, దాన్ని 14/20 అని రాయించనా?

పదసేతువు
తమ్ముడూ, నీది ఎదురు దారి, ఇక్కడ అడిగింది ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీషుకు. అయినా సూత్రం ఒక్కటే. ఫస్ట్ క్లాస్‌ని ఫస్ట్ క్లాస్ అనే ఉంచి, యూనివర్సిటీ మెమో వెనక ముద్రించిన మార్కుల స్కేలును కూడా అనువదించు. 14 అని రాయకు, అది నీ పేపర్ల మీద ఎక్కడా లేని అంకె. నువ్వు పంపే ఫ్రెంచ్ యూనివర్సిటీ ఇంగ్లీషు కాగితాలు తీసుకుంటుందేమో ముందు అడుగు, చాలా చోట్ల అసలు అనువాదమే అక్కర్లేదు.

తుని నుంచి తులూజ్
అక్కా, మొత్తం అక్కడ కాదు. ఇక్కడ బీఎస్సీ చేసి వెళ్తే నన్ను నేరుగా మూడో ఏడాదిలో చేర్చుకున్నారు. డిప్లొమా మీద ఇలా ఉంది: లిసాన్స్, దొమెన్ సియాన్స్, తెక్నొలొజీ, సాన్తే, మాన్సియోన్ ఎన్ఫోర్మతీక్. కింద ఇంకో చోట మాన్సియోన్ అసే బియాన్ అని ఉంది.

ఐదో సెమిస్టర్ మెమోలో అయిదు యూనిట్లు. ఒక్కోదానికి 6 క్రెడిట్లు, మొత్తం 30. మార్కులు 15.5, 8.5, 13, 12, 14. ప్రాబబిలిటీలోనే 8.5. దాని పక్కన అకీజ్ పార్ కోంపాన్సాసియోన్ అని ఉంది. చివర రిజల్ట్ అద్మీ.

ఒకరు ముందే అనువదించి ఇచ్చారు. అందులో లిసాన్స్ విత్ ఆనర్స్ ఇన్ ఇన్ఫర్మేటిక్స్ అని, రిజల్ట్ అడ్మిటెడ్ అని, ప్రాబబిలిటీ దగ్గర కాంపెన్సేషన్ అని ఉంది. ఏదో తేడాగా అనిపించి ఇక్కడికి వచ్చాను.

పదసేతువు
నీ అనుమానం నిజమే, అందులో మూడు తప్పులున్నాయి. మూడూ ఫ్రెంచ్ మాట ఇంగ్లీషు మాటలా కనిపించడం వల్ల వచ్చినవే.

మాన్సియోన్‌కు రెండు అర్థాలు. నీ డిప్లొమా మీదే రెండూ ఉన్నాయి. మొదటిది చదువు విభాగం: కంప్యూటర్ సైన్స్‌లో లిసాన్స్ అని చెబుతుంది, అంతే. రెండోది మార్కులను బట్టి ఇచ్చే శ్రేణి. మొదటి దాన్ని ఆనర్స్ అని రాయడంతో లేని గౌరవం అంటగట్టినట్టయింది. అమెరికాలో ఎవరైనా ఒరిజినల్‌తో పోలిస్తే తప్పు నీదనుకుంటారు. ‘ఫీల్డ్ ఆఫ్ స్టడీ: కంప్యూటర్ సైన్స్’ అని రాయించు. రెండో దాన్ని అసే బియాన్ అనే ఉంచి, పక్కన ‘ఫెయిర్లీ గుడ్, 12 నుంచి 14 లోపు’ అని రాయించు. కమ్ లాడే లాంటి లాటిన్ మాటలు వద్దు. అది వేరే దేశం మెట్ల లెక్క.

అద్మీ అంటే పాస్ అయ్యారు అని. అడ్మిటెడ్ అంటే సీటు వచ్చిందనుకుంటారు. దీనికి ఎదురు మాట అజూర్నే. దాన్ని అడ్జర్న్డ్ అని రాస్తారు కొందరు, పరీక్ష వాయిదా పడిందని చదువుతారు. నిజానికి ఆ విడతలో పాస్ కాలేదు అని అర్థం, మన సప్లీ రాసుకోవాల్సిన పరిస్థితి. నీ పేపర్లో లేదు కానీ, ఈ చర్చ చదివే ఇంకెవరికైనా ఉండవచ్చు.

ఇక ప్రాబబిలిటీ. నీ అయిదు మార్కులు కలిపితే 63, అయిదుతో భాగిస్తే 12.6. క్రెడిట్లు సమానం కాబట్టి లెక్క ఇంత తేలిక. సగటు 10 దాటింది కనుక, మిగతా యూనిట్లు ఈ 8.5ని ఎత్తుకున్నాయి. దాని 6 క్రెడిట్లూ నీకు పూర్తిగా వచ్చాయి. ఇంగ్లీషులో ‘పాస్డ్ బై యావరేజింగ్ విత్ అదర్ యూనిట్స్’ అని రాయించు. కాంపెన్సేషన్ అని వదిలేస్తే అమెరికాలో డబ్బు చెల్లింపు అనుకుంటారు. శాతంగా మారిస్తే ఇంకా ఘోరం, 42.5 అని పడి బ్యాక్‌లాగ్ ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఈ సర్దుబాటు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కొన్ని కోర్సుల్లో ఇంతకంటే తక్కువ రాకూడదని ఒక కింది గీత పెడతారు, నీ యూనివర్సిటీ నియమాల్లో చూసుకో.

నువ్వు అడగనిది ఇంకోటి ఉంది, నాకు దానిమీదే ఎక్కువ ఆందోళన. లిసాన్స్ 180 క్రెడిట్ల డిగ్రీ, నీ మెమోల్లో 60 మాత్రమే ఉన్నాయి. మిగతా రెండేళ్లకు బదులు నీ బీఎస్సీని లెక్కలోకి తీసుకున్నారు. అనువాదంలో ‘మూడేళ్లు ఇక్కడ చదివింది’ అన్న అర్థం వచ్చే మాట ఒక్కటి కూడా పడకూడదు. ఈ మెమోలతో పాటు బీఎస్సీ సీఎంఎం, ఓడీ తప్పకుండా పంపు. లేకపోతే ఒక్క ఏడాది చదివి డిగ్రీ ఎలా వచ్చిందని ఆపేస్తారు.

కొండాపూర్ హెచ్ఆర్
మార్కుల విషయంలో నేను ఒప్పుకుంటున్నాను, 42.5 గురించి ఆలోచించలేదు. పేరు విషయంలో మాత్రం ఇంకా సరిపడటం లేదు. లిసాన్స్ అని రాసి ఊరుకుంటే అమెరికాలో అడ్మిషన్ క్లర్కుకు ఎలా తెలుస్తుంది?

పదసేతువు
ఊరుకోము. పేరు లిసాన్స్ అనే ఉంటుంది, దాని కిందే అనువాదకుల నోట్ వస్తుంది: బాకలోరెయా తర్వాత మూడేళ్లు, 180 క్రెడిట్లు, ఉన్నత విద్యలో మొదటి డిగ్రీ. ఆ నోట్ వేరే అక్షరాల్లోనో, పేజీ కిందో ఉండాలి, డిప్లొమా మాటగా కనిపించకూడదు. బ్యాచిలర్స్‌తో సమానం అన్న తీర్పు విదేశీ డిగ్రీలను పోల్చి చూసే మూల్యాంకన సంస్థది. వాళ్లు అనువాదంలోని జీపీఏను ఎలాగూ పక్కన పెట్టి, ఒరిజినల్ అంకెలతో తమ పట్టిక ప్రకారం లెక్కిస్తారు. వాళ్ల అంకెకూ మన అంకెకూ తేడా వస్తే అనుమానం అమ్మాయి మీదే పడుతుంది. బాకలోరెయాను బ్యాచిలర్స్ అని రాసినవాళ్లు కూడా ఉన్నారు, అది మన ఇంటర్ లాంటిది! సమానార్థం వెతికి రాసే అలవాటు మొదలైతే అక్కడిదాకా పోతుంది.

సూరి చెప్పిన సుప్లెమాన్ ఓ దిప్లోమ్‌ని తప్పక అడుగు అమ్మా. అందులో కోర్సు స్థాయి, మార్కుల పద్ధతి, దేశంలో డిగ్రీల వరస అన్నీ యూనివర్సిటీయే రాసి ఇస్తుంది. చాలా చోట్ల ఇంగ్లీషులోనూ ఇస్తారు. మన నోట్ కంటే దానికి బరువెక్కువ. క్లాసులో నీ ర్యాంకు రాసి సర్టిఫికెట్ ఇస్తారేమో కూడా అడుగు. 12.6కి 38 మందిలో ఏడో ర్యాంకు అనుకో, ఏ పట్టికా చెప్పనిది అది చెబుతుంది.

ఇంజనీర్ సూరి
కెనడాకు పెట్టుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒకసారి అడగండి. అక్కడ ఫ్రెంచ్ కూడా అధికార భాషే. ఒరిజినల్‌నే తీసుకుంటే అనువాదం ఖర్చు, కొత్త తప్పుల భయం రెండూ ఉండవు.

తుని నుంచి తులూజ్
అందరికీ థాంక్స్. అనువాదం వెనక్కి పంపి ఈ మూడూ సరిచేయమన్నాను, సుప్లెమాన్‌కి ఈరోజే మెయిల్ పెట్టాను. ఒక్కటే మిగిలింది. ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ ఫారంలో పర్సెంటేజీ గడి తప్పనిసరి, అంకె వేయకపోతే ముందుకు పోవడం లేదు. 63 వేయనా?

కొండాపూర్ హెచ్ఆర్
వేయండి. 12.6ని 20తో భాగించి వందతో గుణిస్తే అదే కదా, అబద్ధం కాదు.

పదసేతువు
నేనైతే వేయను. ముందు ఆ డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టి, 20 స్కేలు మార్కు ఎలా నింపాలో అడుగుతాను. వాళ్లు రాసిచ్చిన జవాబును దాచుకుంటాను.

ఇంజనీర్ సూరి
గడువు దగ్గరుంటే? నాకు ఆ జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. నేను 63 లాంటిదే వేసి, స్టేట్‌మెంట్‌లో స్కేలు గురించి రెండు వాక్యాలు రాశాను. వాళ్లు ఆ వాక్యాలు చదివారో లేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.