"తెప్పించుకోలేకపోయాను": ఈ మాటను ఎక్కడెక్కడ విడదీయాలి?

ప్రశ్న వేసిన ఉపాధ్యాయిని:
తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక పొడవాటి క్రియాపదాన్ని ముక్కలుగా విడదీయించాలని చీటీలు తయారుచేస్తున్నాను. "మందులు ఊరి నుంచి తెప్పించుకోలేకపోయాను" అనే వాక్యంలోని క్రియను నేను తెప్ప్ + ఇంచు + కో + లేక + పో + యా + ను అని విడదీశాను. మా పాఠశాలలోని మరో ఉపాధ్యాయుడు మొదటి గీతను ఒప్పుకోలేదు. ధాతువు "తెచ్చు" అయినప్పుడు "తెప్ప్" ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ ముక్కల వరుసను మార్చడం ఎందుకు కుదరదని ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకూ నా దగ్గర సరైన సమాధానం లేదు.

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
అమ్మా, రెండో ప్రశ్న తేలిక కాబట్టి ముందు దానిని చూద్దాం. ధాతువు పక్కనే ప్రేరణ, ఆ తరువాత తన కోసమని చెప్పే "కొను", దాని తరువాత అశక్తిని చెప్పే "లేక", చివర కాలమూ పురుషా వస్తాయి. వీటి నడుమ ఉన్న "పో" మాత్రం వెళ్లడాన్ని చెప్పడం లేదు. "తెప్పించుకోలేను" అన్నప్పుడు "లే" మీద "ను" నేరుగా చేరింది, అక్కడ కాలసూచకం లేదు. అదే జరిగిపోయిన సంగతి చెప్పాలంటే "లే" భూతకాలాన్ని మోయలేదు గనుక దానికి "పో" అనే వాహనం కావలసి వచ్చింది. "యా" అనే కాలసూచకం ఎక్కినది ఆ వాహనం మీదనే. కాబట్టి మీ చీటీలో "పో" ఎదుట "వెళ్లు" అని అర్థం రాయకండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన సభ్యుడు:
ఇందులో ప్రత్యేకంగా వరుస అనే నియమం ఉన్నదని నేను అనుకోను. ప్రతి ముక్కా తనకు ఎడమవైపున ఉన్న మొత్తం మీద పనిచేస్తుంది, అంతే. తెప్పించడం ముందు, దానిని తన కోసం చేసుకోవడం తరువాత, అది చేతకాకపోవడం ఆ తరువాత. అర్థం మారితే వరుసా మారాలి. "వాడి కోసం వాడే తెచ్చుకొనేటట్టు నేను చేశాను" అనే అర్థానికి "తెచ్చుకొనిపించాను" అనడంలో తప్పేమిటి?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
మీరు చెప్పిన దానిలో సగం నిజం. ఎడమవైపున ఉన్న మొత్తం మీద పనిచేయడం సరే గాని, అర్థం కావాలనుకున్నంత మాత్రాన భాష ప్రతి వరుసకూ చోటు ఇవ్వదు. "తెచ్చుకొనిపించాను" అని మీ ఇంట్లో ఎవరైనా అనగా విన్నారా? ఆ అర్థం కావలసినప్పుడు మనమందరం "తెచ్చుకునేలా చేశాను" అని రెండు మాటలుగా చెబుతాము. "కొను" చేరిన తరువాత ప్రేరణకు వాకిలి మూసుకుంటుంది. కొనడం అనే అర్థమున్న స్వతంత్ర క్రియకు "కొనిపించు" ఉన్నది గాని, అది వేరే సంగతి.

చోటుకు ఎంత బలమున్నదో "తీసుకుపోలేకపోయాను" అనే మాటలో ఇంకా బాగా కనబడుతుంది. ఇందులో "పో" రెండుసార్లు వచ్చింది. "లేక"కు ముందున్నది ఇక్కడి నుంచి దూరంగా అని చెబుతోంది, తరువాత ఉన్నది నేను చెప్పిన వాహనం. ఒకే రూపం ఏ అరలో కూర్చుంటే ఆ అర పని చేస్తోంది. అర్థమే వరుసను నిర్ణయిస్తే ఈ రెంటినీ వేరుచేయడానికి వినేవాడికి ఆధారమేదీ ఉండదు.

డల్లాస్‌లో ఉంటున్న ఒక తల్లి:
పిల్లల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఆరేళ్ల అమ్మాయి "పండులు" అంటుంది, "పళ్లు" అనమని చెబితే నోరు తెరిచి తన దంతాలు చూపిస్తుంది. "పండులులో" అని కూడా అంటోంది. ఎలా దిద్దాలి?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
మీ ప్రశ్న క్రియల గురించి కాకపోయినా దారి తప్పలేదు. బహువచనం ముందు, విభక్తి తరువాత అన్న వరుస మీ అమ్మాయికి ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. రానిది అతుకు. "పండు"లోని "ండ్", బహువచనపు "ల్" కలిసి "ళ్ల్" అయినప్పుడు గీత ఆ జంట హల్లు నడుమ ఎక్కడో పడుతుంది. "పన్ను" కూడా అక్కడికే చేరుతుంది గనుక దంతాలు చూపించడంలో ఆమె తప్పేమీ లేదు. "పులి" విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. "పులికి" అన్నప్పుడు ప్రాతిపదికలోని ఇకారం ప్రత్యయాన్ని "కి"గా చేసింది, "పులులు" అన్నప్పుడు ప్రత్యయమే వెనక్కి వచ్చి ప్రాతిపదికలోని ఇకారాన్ని ఉకారంగా మార్చింది. గీత గీయగలం గాని, గీతకు ఒకవైపు జరిగేది రెండో వైపుకు తెలియకుండా ఉండదు. దిద్దవద్దు, వింటూ ఉంటే అదే వస్తుంది.

కరీంనగర్ సభ్యురాలు:
చీటీలోని "యా + ను" గురించి ఒక మాట. మా ఇంట్లో "తెప్పించుకోలేకపోయిన" అంటాము. అందులో "ను" లేదు, నేను అన్న సంగతి వాక్యంలోని కర్తను బట్టో సందర్భాన్ని బట్టో తెలుస్తుంది. కాలాన్ని చెప్పే "ఇన" మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నది. రాయలసీమ వారు "పోయినాను" అంటే ఇన, ఆను రెండూ వినబడతాయి. కోస్తా "పోయాను"లో ఆ రెండూ కుదించుకుపోయి "యా" దగ్గర ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మరి "యా" ఒక్కటే కాలమని పిల్లలకు చెప్పడం సరైనదేనా? మా పలుకుబడిని పక్కన పెడితే మీ చీటీలోని గీత ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు కనబడదు.

ప్రశ్న వేసిన ఉపాధ్యాయిని:
మీరు చెప్పినది నిజమే. మూడు రూపాలనూ ఒకదాని కింద ఒకటి రాయిస్తాను. అయితే "కో", "లేక" నడుమ నేను గీసిన గీతకు ఏదైనా పరీక్ష ఉన్నదా, లేక అలవాటు కొద్దీ గీశానా?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
ఉన్నది. నొక్కి చెప్పే ఏకారాన్ని ఆ సందులో దూర్చి చూడండి. "తెప్పించుకోనే లేకపోయాను" అనవచ్చు, "తెప్పించే కోలేకపోయాను" అనలేము. అంటే "లేక"కు ముందున్న సందు వదులుగా ఉన్నది, "కో"కు ముందున్నది బిగుసుకుపోయింది. మీ చీటీలో రెండు గీతలూ ఒకే మందంతో ఉన్నాయి. పైగా ఏకారం దూరగానే "న్" ఒకటి బయటపడింది చూశారా? "చేయలేక"లో "చేయ" చివర వినబడే అకారం లాంటిదే ఒకప్పుడు "కొనలేక"లో ఉండేది. అది "కో"లో ఇంకిపోయింది.

ఇక మొదటి గీత. ఇచ్చు, ఇప్పించు, వచ్చు, రప్పించు, పిలుచు, పిలిపించు. వీటిని బట్టి ధాతువు చివరి "చు" ప్రేరణ ముందు "పు" అయిందని, ప్రత్యయం "ఇంచు" మాత్రమేనని చెప్పవచ్చు. "చేయించు", "ఆడించు"లో పకారం లేకపోవడం దీనికి బలం. ఈ లెక్కన మీ గీత సరైనదే.

కరీంనగర్ సభ్యురాలు:
"తినిపించు" మాటేమిటండీ? "తిను"లో "చు" లేదు కదా. అక్కడి పకారం ప్రత్యయానిదే కావాలి. అలాగైతే "తెప్పించు"లోనూ అది ప్రత్యయానిదని ఎందుకు అనకూడదు?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
అనవచ్చు. అలాంటి మాటల దగ్గర నా పక్షం కుంటుపడుతుంది. "ఇంచు", "పించు" రెండూ ఒకే ప్రత్యయపు రూపాలని మీరంటే, ఏ ధాతువుకు ఏది చేరుతుందో చెప్పే బాధ్యత మీ మీద పడుతుంది. పకారం ధాతువుదని నేనంటే "తినిపించు" లాంటి వాటిని విడిగా చూడవలసిన బాధ్యత నా మీద పడుతుంది. నాకు నా బరువే తక్కువగా తోస్తోంది, మీకు మీది.

ప్రశ్న వేసిన ఉపాధ్యాయిని:
అయితే "ప్పిం" అనే అక్షరం చుట్టూ చుక్కల గీతతో ఒక పెట్టె గీసి వదిలేస్తాను. లిపిలో ఎలాగూ పకారమూ ఇకారమూ ఒకే అక్షరంలో ఉన్నాయి, పిల్లలు కత్తెర ఎక్కడ పెట్టినా రెండు వైపులవీ తెగుతాయి. రెండో చీటీకి "నాకు కనిపించింది" తీసుకుందామని అనుకున్నాను. "కను" పక్కన "పించు" ఉన్నట్టే ఉన్నది, కానీ అక్కడ ఎవరూ ఎవరి చేతా ఏమీ చేయించడం లేదు. దానిని పెట్టవచ్చా?