కార్డు నాదే, ముఖమూ నాదే, మరి ఖాతా ఎందుకు దక్కదు?

ప్రశ్న (అక్కయ్యపాలెం, చీరల అంగడి): చీరల అమ్మకానికి సామాజిక మాధ్యమంలో నేను నడుపుతున్న ఖాతాను ఎవరో చేజిక్కించుకుని, ఫోను నంబరు, ఈమెయిల్ రెండూ మార్చేశారు. సెల్ఫీ వీడియో మూడుసార్లు, ఆధార్ ఫోటో రెండుసార్లు పంపినా ‘ఇది మీరేనని నిర్ధారించలేకపోయాం’ అన్న జవాబే వస్తోంది. ప్రభుత్వం ఇచ్చిన కార్డు చూపిస్తే ఖాతా తిరిగి ఇచ్చి తీరాలన్న నిబంధన ఉండాలా, వద్దా?

గాజువాక వాసి: ఉండాలనే నా అభిప్రాయం. అయితే ముందు మీరు పంపిన ఫోటోను ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. నిరుడు నా కార్డును కూడా రెండుసార్లు తిప్పికొట్టారు. తీరా చూస్తే లామినేషన్ మీద ట్యూబ్‌లైటు గీతలా పడి, పుట్టిన సంవత్సరంలోని చివరి రెండు అంకెలను మింగేసింది. పగటి పూట కిటికీ పక్కన ముదురు రంగు గుడ్డ పరిచి, నాలుగు మూలలూ కనిపించేలా, ఫ్లాష్ లేకుండా తీసి పంపితే ఆమోదించారు. ఇక సెల్ఫీ వీడియోను వాళ్లు ఆధార్‌లో ఉన్న మన ముఖంతో పోల్చి చూస్తారు కాబట్టి, ఆ కార్డు ఫోటోలో ఉన్నట్టే జుట్టు దువ్వుకుని కూర్చోవడం మంచిది.

మద్దిలపాలెం (ఇలాంటి పత్రాలను పరిశీలించే పనిలో కొన్నేళ్లు ఉన్నవాడిని): వెలుతురు గురించి గాజువాక వారు చెప్పినది అక్షరాలా నిజం, జుట్టు సంగతి మాత్రం కాదు. సామాజిక మాధ్యమ సంస్థకు సాధారణంగా చేరేది మీ కార్డు బొమ్మ మాత్రమే. ఆధార్ భాండాగారంలో ఉన్న ముఖం దాని చేతిలో ఉండదు. వీడియోలో జరిగేవి రెండు వేర్వేరు పరీక్షలు. తలను ఎడమకు, కుడికి, పైకి తిప్పమనడం ఎదుట ఉన్నది ప్రాణమున్న మనిషా, లేక ఫోటోనో మరో ఫోను తెరనో కెమెరా ముందు పట్టుకున్నారా అని తేల్చుకోవడానికి. చదునైన కాగితాన్ని తిప్పితే ముక్కు పక్కనున్న చెంప మరుగున పడదు, మనిషి తిప్పితే పడుతుంది. ఈ పరీక్ష నెగ్గిన తరువాతే రెండోది మొదలవుతుంది. అది ఈ ముఖం ఖాతాలో అంతకుముందు ఉన్న ముఖంతో కలుస్తుందా అన్న పోలిక.

ఏది తప్పిందో జవాబు తీరును బట్టి చాలావరకు ఊహించవచ్చు. వీడియో తీస్తుండగానే ‘మళ్లీ తీయండి’ అని వస్తే వెలుతురో, వేగంగా తల తిప్పడమో, ముఖం చట్రం దాటడమో కారణం. అంతా సవ్యంగా తీసుకుని, కొంతసేపటికి ‘నిర్ధారించలేకపోయాం’ అని వస్తే, పోలిక కుదరలేదనో, పోల్చడానికి ఏమీ దొరకలేదనో అనుకోవాలి. అంగడి గారూ, మీ ఖాతాలో మీ ముఖం కనిపించే ఫోటోలు ఎన్ని ఉన్నాయి? ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఏమని ఇచ్చారు?

భీమిలి: ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా బ్యాంకులో వీడియో కేవైసీ పది నిమిషాల్లో ముగిసింది. ఒక ఉద్యోగిని తెర మీదికి వచ్చి, పాన్ కార్డు చూపించమని, నాలుగు ప్రశ్నలు అడిగి, ఖాతా తెరిచేశారు. బ్యాంకుకు సరిపోయిన కార్డు వీళ్లకు సరిపోదా?

మద్దిలపాలెం: భీమిలి వారూ, మీరు చెప్పినది కొత్త ఖాతా తెరవడం. రిజర్వు బ్యాంకు 2020లో అనుమతించిన ఆ పద్ధతిలో శిక్షణ పొందిన ఉద్యోగి మీతో నేరుగా మాట్లాడతారు, మీ వివరాలను కార్డు జారీ చేసిన వ్యవస్థ దగ్గరే సరిచూస్తారు. పైగా అక్కడ అడిగేది ‘మీరెవరు’ అన్న ఒక్క ప్రశ్నే. ఇక్కడ అడిగేది ‘ఈ ఖాతా మీదేనా’ అని. మీరెవరో కార్డు చెబుతుంది కానీ, ఖాతా ఎవరిదో చెప్పదు. కార్డు మీద ఉన్నదేదో ఖాతాలోనూ ముందే ఉండి ఉంటేనే ఆ రెండింటికీ ముడి పడుతుంది.

అక్కయ్యపాలెం, చీరల అంగడి: అడిగారు కాబట్టి చెబుతున్నాను. పేరు చోట అంగడి పేరే పెట్టాను. పుట్టిన తేదీ అడిగినప్పుడు తొందరలో జనవరి 1 అని వేసి, సంవత్సరం ఏదో నొక్కేశాను. దాదాపు నాలుగు వందల ఫోటోలున్నాయి, అన్నీ చీరలవే, బొమ్మలకు కట్టినవి. మా అమ్మాయితో నేనున్న ఫోటోలు రెండు ఉండేవి, దొంగ వాటిని తీసేశాడు.

మద్దిలపాలెం: అయితే మీ వీడియోలో తప్పేమీ లేదు, మరో ముప్పై సార్లు తీసినా ఫలితం మారదు. పోల్చడానికి ముఖం లేదు, కార్డు మీది పేరు ఖాతాలో లేదు, తేదీ కలవదు. సొంత పేరు ఇచ్చినవాళ్లకు కూడా మన దగ్గర చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా వేరే గడిలో ఉంటుంది, ఖాతాలోనేమో ముద్దుపేరు. మీకు ఆ పాటి ఆధారం కూడా లేదు.

కాబట్టి ముఖాన్ని వదిలి ఖాతా చరిత్రను పట్టుకోండి. మార్పు జరిగిన రోజున మీ పాత ఈమెయిల్‌కు ‘మీ చిరునామా మార్చబడింది’ అన్న లేఖ వచ్చి ఉండాలి. అందులో ఆ మార్పును రద్దు చేసే లంకె ఉండే అవకాశముంది, స్పామ్‌లో కూడా వెతకండి. ఖాతా మొదలుపెట్టిన ఈమెయిల్, అప్పట్లో వాడిన ఫోను రకం, ప్రకటనలకు డబ్బు కట్టి ఉంటే ఆ రసీదులు, ఇవన్నీ సిద్ధం చేసుకోండి. రోజూ వాడే ఫోను నుంచే, అంగడిలోని వైఫై మీదే ప్రయత్నించండి. ఆ ఫోనును, ఆ చోటును వ్యవస్థ ఇదివరకు చూసి ఉంటుంది.

సీతమ్మధార: ఒక విదేశీ సంస్థకు ఆధార్ పంపడమే తప్పని నేనంటాను. పంపక తప్పకపోతే అంకెల మీద నల్లగీత గీసి పంపాలి.

మద్దిలపాలెం: ఫోనులో గీత గీస్తే బొమ్మను దిద్దారన్న అనుమానంతో తిప్పికొట్టవచ్చు. ఆధార్ సంస్థే ఇచ్చే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి ఉంది, కానీ అది ఫైలు. చేతిలోని కార్డునే ఫోటో తీయాలని అడిగే చోట దాన్ని ఒప్పుకోకపోవచ్చు. ఫోటో, పేరు, పుట్టిన తేదీ ఉండి చిరునామా లేని పాన్ కార్డును ఒప్పుకునే చోట నేనైతే దాన్నే పంపుతాను.

గాజువాక వాసి: జుట్టు విషయంలో నేను పొరపడ్డాను. అయినా కార్డుకు విలువ ఇవ్వాలన్న మాట మీదే ఉన్నాను. పోలిక ప్రమాణాన్ని కాస్త సడలిస్తే ఏమవుతుంది?

మద్దిలపాలెం: సడలిస్తే మీ తమ్ముడి ముఖానికి మీ ఖాతా తెరుచుకోవచ్చు, బిగిస్తే గడ్డం పెంచిన మీకే తెరుచుకోకపోవచ్చు. ఇక కార్డు చూపితే చాలన్న నిబంధనే ఉంటే, మీ ఖాతా పేరుతో నకిలీ కార్డు అచ్చు వేయించుకున్న దొంగకు మొదటి లాభం. అలాగని సంస్థలు ఏ కారణంతో తిప్పికొట్టాయో ఒక్క వాక్యమైనా చెప్పకపోవడాన్ని నేను సమర్థించను. దొంగకు దారి చూపినట్టవుతుందని వాళ్లంటారు, ఆ వాదన నాకు పూర్తిగా రుచించలేదు.

సీతమ్మధార: నాకు అసలే రుచించలేదు. కారణం చెప్పకుండా నిరాకరించే హక్కు వాళ్లకెవరిచ్చారు?

అక్కయ్యపాలెం, చీరల అంగడి: స్పామ్‌లో ఆ లేఖ దొరికింది, వచ్చి పదకొండు రోజులైంది. లంకె నొక్కితే గడువు ముగిసిందని చూపించింది. దీపావళికి ప్రకటనలకు కట్టిన రసీదులు మూడు మాత్రం పాత ఈమెయిల్‌లోనే ఉన్నాయి. వాటిని ఏ పేజీ నుంచి పంపాలో ఎవరైనా చెప్పగలరా?