201 నిమిషాల సినిమాకి పరిచయంలో ఎంత చెప్పాలి?

కన్వీనర్: మా కాలేజీ ఫిల్మ్ సొసైటీలో బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ తీసిన జాన్ డీల్‌మన్ సినిమా వేస్తున్నాం. చాలామందికి ఇలాంటి సినిమా ఇదే మొదటిసారి. మధ్యలో లేచిపోకుండా ముందు ఏం చెప్పాలి? కథ చెప్పేయనా?

రీలుపెట్టె: ఐదు నిమిషాలకి మించొద్దు. వితంతువు, కొడుకుతో ఉంటుంది, మధ్యాహ్నాలు విటులు వస్తారు, మూడు రోజుల కథ. ఇంతవరకు చెప్పండి. తర్వాత చూడాల్సింది చెప్పండి: గది దాటేటప్పుడు ఆవిడ లైటు ఆర్పుతుంది, వచ్చిన డబ్బు బల్లమీది సూప్ గిన్నెలో వేసి మూత పెడుతుంది. మొదటి రోజు ఈ వరస కంటికి అలవాటైతేనే రెండో రోజు అది తప్పడం తెలుస్తుంది. కెమెరా కదలదనీ, దగ్గరికి వెళ్లదనీ కూడా చెప్పాలి, లేకపోతే ఎడిటింగ్ లోపం అనుకుంటారు.

సుధీర్_విజ్జి: తెలుగు డబ్బింగ్ ఉందా?

రీలుపెట్టె: అక్కర్లేదండీ, మాటలే తక్కువ. కెనడా నుంచి సోదరి రాసిన ఉత్తరం ఆవిడ గబగబా చదివే చోట మాత్రం సబ్‌టైటిల్స్ పరుగెడతాయి. ముందు ఒకసారి వేసి, వెనక వరస నుంచి అక్షరాలు కనపడుతున్నాయో లేదో చూసుకోండి.

పాతసినిమా: రెండో రోజు ఏం తప్పుతుందో కూడా చెప్పేయాలి. విటుడు వెళ్లాక సూప్ గిన్నెకి మూత పెట్టడం మర్చిపోతుంది, బంగాళాదుంపలు మరీ ఎక్కువ ఉడికిపోతాయి. అది తెలియకపోతే ఎవరు చూస్తారు?

రీలుపెట్టె: చెబితే ఆ దృశ్యమే పోతుంది! పాడైన దుంపల గిన్నె పట్టుకుని, ఎక్కడ పారబోయాలో తెలియక ఇల్లంతా తిరుగుతుంది. తర్వాత చూస్తే ఒక్క దుంపే మిగిలింది, కొనడానికి బయటికి వెళ్లాలి. ఆ చిక్కు ప్రేక్షకుడికీ అప్పుడే తెలియాలి.

పాతసినిమా: మా కాలేజీలో ఇలాగే ఏమీ చెప్పకుండా వేశారు. సగం హాలు ఖాళీ. నిందంతా నామీద పడింది.

శారద: అది ఇంటర్వెల్ లేకపోవడం వల్ల. రోజు ముగిసిందని తెరమీద అక్షరాలు పడతాయి, రెండో రోజు చివర పది నిమిషాలు ఆపండి. ఆపుతామని ముందే చెప్పండి.

రీలుపెట్టె: ఆపితే కూడగట్టిన ఒత్తిడి అంతా పోతుంది. నేను ఒప్పుకోను.

పాతసినిమా: మీకేం, హాలు మీది కాదుగా. విసుగొస్తుందని ముందే క్షమాపణ అడిగితే సగం కోపం తగ్గుతుంది.

శారద: ఆ క్షమాపణ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఆడమనిషి అంట్లు తోమడం, మాంసం పిసకడం చూస్తే విసుగని మీరే తేల్చేసి, కుర్రాళ్లకి అదే నేర్పుతున్నారు. అకెర్మాన్ ఆ పనులకి అంత నిడివి ఇచ్చిందే వాటికి విలువ ఇవ్వడానికి.

పాతసినిమా: విలువ సరే, మూడున్నర గంటలు కుర్చీలో కూర్చోవాల్సింది పిల్లలు.

కన్వీనర్: చివర హింస ఉంది. ఆ హెచ్చరిక చెబితే కథ చెప్పినట్టేనా?

శారద: టికెట్ల దగ్గర కాగితం అంటించండి, కావాలనుకున్నవాళ్లు చదువుకుంటారు. మైకులో వద్దు.

రీలుపెట్టె: ఇది మాత్రం సరే. ఇంటర్వెల్ మాత్రం పెట్టకండి.