అప్‌డేట్: ప్రాజెక్టును నిలబెట్టిన సహోద్యోగికి రాసిన కృతజ్ఞతా లేఖ

నా ప్రశ్న: పాత బిల్లింగ్ వ్యవస్థ నుంచి కొత్తదానికి మారే పనిని చివరి దశలో కాపాడిన సహోద్యోగికి, "చాలా బాగా చేశారు" అన్న మాటకు మించి ఏం రాయాలి?

అప్‌డేట్: లేఖ పంపాను. మీలో ఒకరు సూచించినట్లు పొగడ్తలన్నీ తీసేసి, ఆవిడ ఏం గమనించారు, దానిపై ఏం చేశారు, అలా చేయకపోతే ఏమయ్యేది అన్న వరుసలో రాశాను. అందులోని ముఖ్య భాగం ఇది:

"పరీక్షలన్నీ పాసైనా, పాత, కొత్త వ్యవస్థల నెలవారీ మొత్తాలను మీరు విడిగా సరిపోల్చి, వాయిదాల్లో చెల్లించే ఖాతాదారులకు బిల్లు రెండుసార్లు పడుతోందని పట్టుకున్నారు. గడువు ముంచుకొస్తున్నా మార్పిడిని ఆపాలని సమావేశంలో స్పష్టంగా చెప్పారు. ఆ తేడాను రోజూ పట్టి చూపే స్క్రిప్టును జట్టులోని కొత్త ఉద్యోగితో కలిసి తయారుచేసి, దాన్ని మేమూ నడుపుకోగలిగేలా సూచనలు రాసిపెట్టారు. తప్పుడు బిల్లులు ఖాతాదారులకు చేరకముందే ఆగాయంటే కారణం ఇదే."

నిజానికి అందరూ స్క్రిప్టునే మెచ్చుకున్నారు గానీ, నా దృష్టిలో ఆపమని చెప్పడమే కష్టమైన పని, అందుకే దానికి విడిగా ఒక వాక్యం కేటాయించాను.

పంపే ముందు చిత్తుప్రతిని ఆవిడకు చూపించడం మంచిదైంది. స్క్రిప్టులో సగం పని జట్టులోని కొత్త ఉద్యోగిదని చెప్పి, అతని పేరు కూడా చేర్పించారు. రాత్రుళ్లు మేలుకొని పనిచేసిన సంగతి మాత్రం, అది అందరికీ ఆనవాయితీ అవుతుందేమోనని, వద్దన్నారు. ఆవిడ అనుమతితోనే ప్రతిని మేనేజరుకు పంపాను; వార్షిక మదింపులో జతచేస్తానని ఆయన బదులిచ్చారు.