ఫ్లాట్ 8 శాతమా, రెడ్యూసింగ్ 12 శాతమా?

కొత్తబండి: లక్ష రూపాయల లోను, మూడేళ్లకి. ఫైనాన్స్ వాళ్లు 8 శాతం ఫ్లాట్ అంటున్నారు, ఫీజు లేదు. బ్యాంకు 12 శాతం రెడ్యూసింగ్ అంటోంది, పైగా ప్రాసెసింగ్ ఫీజు 2,000. ఎనిమిదే తక్కువ కదా?

లెక్కలపిచ్చి: కాదండీ. ఫ్లాట్‌లో సగం అసలు తీరిపోయినా వడ్డీ మాత్రం లక్ష మీదే పడుతుంది. ఏడాదికి 8,000 చొప్పున 24,000, అంటే కిస్తీ 3,444. తగ్గే బాకీ మీద ఇది ఎంత శాతమో షీట్‌లో చూడండి:

```
=RATE(36,-3444,100000)*12
```

14.5 శాతం దాటుతుంది. బ్యాంకు కిస్తీ 3,321. అక్కడ ఫీజు పోను చేతికొచ్చేది 98,000 కాబట్టి 3,444 బదులు 3,321, లక్ష బదులు 98,000 వేయండి, 13.4 వస్తుంది.

రోడ్‌కింగ్: ఇంత లెక్కెందుకు బ్రో, ఫ్లాట్ రేటుని రెండింతలు చేస్తే సరి.

లెక్కలపిచ్చి: మూడేళ్లకి 1.8 రెట్లు దగ్గరగా ఉంటుంది, రెండు ఎక్కువ. ఫీజులు అందులోకి రానే రావు.

కొత్తబండి: బ్యాంకు కాగితం ఇప్పుడు సరిగ్గా చూశా. లోను 1,05,000 అని ఉంది! ఇన్సూరెన్స్ 5,000 కలిపారట.

నాలుగుచక్రాలు: ఇన్సూరెన్స్ లేకుండా బండి బయటికి తీయకూడదు కదండీ, తప్పదు.

లెక్కలపిచ్చి: మీరనేది బండి పాలసీ. ఇది లోను తీసుకున్న మనిషికి ఏమైనా అయితే బాకీ తీర్చే పాలసీ. దానివల్ల కిస్తీ 3,487 అవుతుంది. ఫీజుతో కలిపి మొత్తం కట్టేది సుమారు 1,27,550, అసలు రేటు దాదాపు 17 శాతం. ఫ్లాట్‌లో 1,24,000తో అయిపోయేది. ఆ రక్షణ మీకు కావాలనుకుంటే వేరే సంగతి, విడిగా ఎంతకి వస్తుందో కనుక్కోండి.

నాలుగుచక్రాలు: మా బావమరిది ఏడాదిన్నరకే లోను మూసేశాడు. ఆ పాలసీ డబ్బు కొంతైనా వెనక్కి రాలేదని ఇప్పటికీ గొణుగుతాడు.

కొత్తబండి: అడిగా. పాలసీ వద్దంటే రేటు 13 అంటున్నారు.

లెక్కలపిచ్చి: అప్పుడు కిస్తీ 3,369, ఫీజుతో మొత్తం 1,23,300 లోపు. అసలు రేటు 14.5 దగ్గర, అంటే ఫ్లాట్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇక చూడాల్సింది మధ్యలో మూసేస్తే ఏమవుతుందనేది. బ్యాంకులో మిగిలిన అసలు, పెనాల్టీ ఉంటే అది కడితే చాలు. ఫ్లాట్‌లో మిగిలిన నెలల వడ్డీ ఎంత తగ్గిస్తారో ఒప్పందంలో చూడాలి.

రోడ్‌కింగ్: మూడేళ్లూ కడతావు కదా, దాంతో పనేంటి?

కొత్తబండి: రెండో ఏడాదిలో మూసేద్దామని ఉంది. ఫైనాన్స్ వాళ్లని 12వ నెల చివర ఎంత కడితే మూసేస్తారో రాసిమ్మన్నా. ఇంకా ఇవ్వలేదు.