రాగి బిస్కెట్ ప్యాకెట్ వెనక ఫొటో పెట్టాను, చూసి చెప్పండి

సుజాత_కర్నూలు: ఆరేళ్ల బాబుకి స్కూల్ స్నాక్‌గా రోజూ ఒక ప్యాకెట్ పెడుతున్నాను, 75 గ్రాములది. ముందు పెద్ద అక్షరాలతో రాగి, కొలెస్ట్రాల్ సున్నా అని ఉంది. వెనక ఇలా ఉంది: మైదా 52%, చక్కెర, పామాయిల్, రాగి పిండి 6%, ఇన్వర్ట్ సిరప్... మడత పడిన చోట మిగతాది కనపడలేదు. 100 గ్రాములకు కలిపిన చక్కెర 23, శాచురేటెడ్ కొవ్వు 9 గ్రాములు. పెట్టొచ్చా?

వెంకట్_హెచ్‌వైడీ: మా నాన్నకి షుగర్. చక్కెర కలపలేదని ముందు రాసి ఉందని బిస్కెట్లు ఇష్టమొచ్చినట్టు తిన్నారు, రీడింగ్ పెరిగిపోయింది. అందులో ఉన్నదంతా మైదానే. చక్కెర వరుస ఒక్కటే చూస్తే మోసపోతారు, కార్బోహైడ్రేట్ వరుస కూడా చూడండి.

లత_రెసిపీస్: ఇన్వర్ట్ సిరప్ అంటే చక్కెరే! ముక్కలు చేసి వేరే పేరుతో దాచారు. టేబుల్‌లో 23 అని రాసినా అసలు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

బేకరీ_రమణ: పదిహేనేళ్లు బిస్కెట్ యూనిట్‌లో చేశాను, నేను చెప్తాను వినండి. సిరప్ వేసేది రంగు రావడానికి. దాచడం కాదు.

లత_రెసిపీస్: అంటే చక్కెర కాదంటారా?

బేకరీ_రమణ: చక్కెర కాదని నేను ఎప్పుడన్నాను? బరువు ఎక్కువున్నది ముందు రాయాలి కాబట్టి, చక్కెరను రెండు పేర్లుగా రాస్తే జాబితాలో ఒక్కొక్కటీ కిందికి జరుగుతుంది. అక్కడ మీరు రైటే. కానీ టేబుల్‌లో రెండూ కలిపే లెక్క, ఆ 23లో సిరప్ కూడా ఉంది.

లత_రెసిపీస్: మీరు కంపెనీల వైపు మాట్లాడుతున్నారు.

డైట్_పద్మ: గొడవ ఆపండి, బాబు సంగతి చూడండి. 75 గ్రాముల్లో కలిపిన చక్కెర 17 గ్రాములు దాటుతుంది, నాలుగు చెంచాల దగ్గర. రాగి నాలుగున్నర గ్రాములు. సర్వింగ్ 15 గ్రాములని రాసి, రోజు అవసరంలో 7 శాతమే అని చూపించారు కదా? ఆ శాతం 2000 కేలరీలు తినే పెద్దవాళ్ల లెక్క, 50 గ్రాముల చక్కెర మీద. బాబు తినేది ఐదు సర్వింగ్‌లు. కొలెస్ట్రాల్ సున్నా అని గొప్పగా రాశారు, మొక్కల నూనెల్లో అది ఎలాగూ ఉండదు. చూడాల్సింది ఆ శాచురేటెడ్ 9, అది పామాయిల్ వల్ల.

మురళి_విజయవాడ: అందుకే మేం బెల్లం బిస్కెట్లకి మారిపోయాం. ఏ టెన్షన్ లేదు.

డైట్_పద్మ: మురళి గారూ, బెల్లం కూడా కలిపిన చక్కెరే. ఆ ప్యాకెట్ వెనక ఫొటో పెట్టండి.

సుజాత_కర్నూలు: ఐదు సర్వింగ్‌లని నాకు తట్టనే లేదు పద్మ గారూ. ప్యాకెట్ విప్పి మడత లోపల చూశాను, పాలపొడి, ఉప్పు, ఇంకా ఏవో నంబర్లున్నాయి. 503, 500 అంటే ఏంటండీ?

బేకరీ_రమణ: పొంగడానికి వేసేవి. 500 అంటే మీ ఇంట్లో సోడా ఉప్పే. వాటికి భయపడకండి, చక్కెర తగ్గించండి.